తిరిగొస్తానంటే నమ్ముతారా అక్కా?

ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చేసింది. మధ్యాహ్నం వరకూ సంతోషమే. రాత్రి పడుకోబోయేసరికి మాత్రం గుండెలో దడ మొదలైంది, కదూ? ఎందుకు వెళ్తున్నానో చెప్పగలనేమో, కానీ ఇంట్లో డబ్బు లేదని బయటివాళ్ల ముందు ఎలా చెప్పాలి? చదువైపోయాక తిరిగొచ్చి ఇక్కడే పని చేస్తానంటే వాళ్లు నమ్ముతారా? అందరూ అదే మాట చెప్తారుగా? ఇలా ఒక్కటొక్కటిగా భయాలు పట్టుకుంటాయి. రా, కూర్చో. టీ పెడతాను. మన భయాలన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుందాం.

ముందు ఒక చిన్న సంగతి. విదేశీ చదువుల స్కాలర్‌షిప్పులన్నీ ఒకే రకం కావు. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవ్‌నింగ్ వాళ్లు ఏడాది మాస్టర్స్‌కి ఫీజూ, ఉండటానికి ఖర్చూ, విమానం టికెట్టూ ఇస్తారు. బదులుగా చదువయ్యాక కనీసం రెండేళ్లు సొంత దేశంలో ఉండాలంటారు. అమెరికాకు వెళ్లే ఫుల్‌బ్రైట్-నెహ్రూ వాళ్లకీ రెండేళ్లు ఇక్కడ ఉండాలనే షరతు ఉంది. 1892 నుంచి నడుస్తున్న జె.ఎన్. టాటా ఎండోమెంట్ వాళ్లది రుణ స్కాలర్‌షిప్పు, అంటే మళ్లీ కట్టాలి. అందుకని మనం వెళ్లేది ఎవరి ముందుకో, వాళ్లు ఏం కోరుకుంటారో ముందు తెలిసి ఉండాలి. ఇవాళ మనం చీవ్‌నింగ్ లాంటి ఇంటర్వ్యూ గురించే మాట్లాడుకుందాం. అక్కడే ఉద్దేశం, అవసరం, తిరిగొచ్చి చేసే పని, మూడూ ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక చెల్లిని ఊహించుకుందామా? ఊరు ప్రకాశం వైపు కనిగిరి దగ్గర. సివిల్ ఇంజనీరింగ్ చదివింది. మూడేళ్లుగా ఊళ్లలో తాగునీటి మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం, జీతం ఇరవై రెండు వేలు. చీవ్‌నింగ్ అడిగే 2,800 గంటల పని అనుభవం ఆమెకి ఎప్పుడో దాటిపోయింది. బ్రిటన్‌లో నీరు, పారిశుధ్యం మీద మాస్టర్స్ చేయాలని కోరిక. ఆ ప్రాంతం నీళ్ల సంగతి మనకి తెలియనిదా? మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటిసారి వైద్యులు రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే. కనిగిరి, దర్శి, పొదిలి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు ఆమె చిన్నప్పటి నుంచి ఇరుగుపొరుగు ఇళ్లలో చూస్తూనే ఉంది.

ఇప్పుడు ఆమెని ప్యానెల్ అడుగుతుంది: "ఈ కోర్సే ఎందుకు?" (వాళ్లు ఇంగ్లీషులోనే అడుగుతారు, మనం మన మాటల్లో చెప్పుకుందాం.) చాలామంది చెల్లెళ్లు ఇక్కడే తడబడతారు. "నాకు చిన్నప్పటి నుంచి సమాజానికి సేవ చేయాలని ఉంది, ఫ్లోరైడ్ లేని ఆంధ్రప్రదేశ్ నా కల" అంటారు. మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట వినగానే ఎదుటివాళ్లకి ఈ అమ్మాయి ఏం చూసిందో, ఏం తెలుసుకుందో ఒక్క ముక్కా తెలియదు. పక్క కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి కూడా అదే చెప్పగలదు.

మన చెల్లికి నిజంగా తెలిసింది ఏమిటి? ఊళ్లో పెట్టిన ఆర్వో ప్లాంటు సంగతి. బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందనుకో. మన ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చు. ప్లాంటు మంచినీళ్లు ఇస్తుంది, సరే. మరి వదిలేసే నీరు ఏమవుతుంది? చిన్న ప్లాంట్లలో తోడిన నీటిలో దాదాపు సగం అలా బయటికి పోతుంది. తీసేసిన ఫ్లోరైడంతా ఆ సగంలోకే చేరుతుంది కాబట్టి అందులో లీటరుకు 6 మిల్లీగ్రాముల దగ్గర్లో ఉంటుంది. ఆ నీరు ప్లాంటు వెనకాల గుంటలో నిలుస్తుంది. గేదెలు తాగుతాయి, మిగిలింది భూమిలోకి ఇంకుతుంది. పక్కనే ఇంకో బోరు ఉంటుంది. మెంబ్రేన్ ఎప్పుడు మార్చాలో ఆపరేటర్‌కి ఎవరూ చెప్పలేదు. నీళ్ల రుచి మారిందని ఊళ్లోవాళ్లు అంటేనే తెలుస్తుంది.

చూశావా, ఇదీ ఉద్దేశం! "నేను పనిచేసే ఊళ్లలో ప్లాంట్లు పెట్టడం మాకు వచ్చు. వదిలేసే నీటిని ఏం చేయాలో, ప్లాంటు సరిగ్గా పనిచేస్తోందని ఏ లెక్కతో తేల్చాలో నాకు రాదు, నా సంస్థలో ఎవరికీ రాదు. ఈ కోర్సులో నీటి శుద్ధి, నీటి నాణ్యత పర్యవేక్షణ పాఠాలు నేను వెతుకుతున్నవి" అని చెప్పిందనుకో, ఇంకెవరూ ఆ జవాబు చెప్పలేరు. తెలియనిది ఏమిటో చెప్పడానికి సిగ్గుపడకు తల్లీ. అన్నీ తెలిస్తే వెళ్లడం ఎందుకు? నీ పనిలో నువ్వు చేరుకుని ఆగిపోయిన చోటే నీ చదువుకి కారణం. ఈ రాత్రి ఒక కాగితం తీసుకుని ఆ చోటు ఏదో రెండు వాక్యాల్లో రాసిపెట్టుకో. రెండు వాక్యాల్లోకి రాలేదంటే ఇంకా ఆలోచించాలి, అంతే. కంగారు లేదు.

దీని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది. "ఇది ఇండియాలోనే చదవొచ్చుగా?" ఇది విని చిన్నబుచ్చుకోకు, మనల్ని పడగొట్టడానికి కాదు. ఇక్కడి కాలేజీలు బాగోలేవని మాత్రం అనకు. అది అమర్యాద, పైగా నిజమూ కాదు. మన దగ్గర మంచి కోర్సులు ఉన్నాయని ఒప్పుకుని, వాటి పేర్లు చెప్పి, నువ్వు వెళ్లే కోర్సులో ఏ పాఠం, ఏ ప్రయోగశాల, ఏ గురువు పరిశోధన అదనంగా దొరుకుతుందో చెప్పు. అందుకు ఆ విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన పాఠాల జాబితా కూర్చుని చదవాలి. దరఖాస్తులో మూడు కోర్సులు పెట్టి ఉంటావు, మూడింటివీ చదువు. ఒక సాయంత్రం పని.

సరే, ఇప్పుడు మనకి గొంతు పట్టుకునే విషయానికొద్దాం. డబ్బు.

మనలో చాలామందికి ఇంట్లో ఇబ్బంది గురించి బయట మాట్లాడొద్దని నేర్పారు. నాన్న పరువు, అమ్మ దాపరికం. అందుకే ఇంటర్వ్యూలో ఆ మాట వస్తే కొందరు అసలు దాటేస్తారు. కొందరికి కళ్లలో నీళ్లు వచ్చేస్తాయి. రెండూ సహజమే. కానీ ఇక్కడ ఒక సంగతి తెలుసుకో. కామన్వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్పు లాంటివి, సొంత ఖర్చుతో బ్రిటన్ చదువు చదవలేనివాళ్ల కోసమే పెట్టినవి. అక్కడ ఆ సంగతి సూటిగా చెప్పాలి. టాటా ఎండోమెంట్ లాంటి చోట వాళ్లిచ్చేది పోగా మిగతాది ఎక్కణ్ణుంచి తెస్తావన్న లెక్క నీ దగ్గర ఉండాలి. చీవ్‌నింగ్ వాళ్లు మీ నాన్న ఆదాయం ఎంతని ఎంపిక చేయరు. మరి వాళ్ల దగ్గర అవసరం మాట ఎందుకంటావా? ఉంది, చాలా ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. మన అవసరమే మన తిరుగు ప్రయాణానికి సాక్ష్యం.

లెక్క వేద్దాం, నీకే తెలుస్తుంది. మన కనిగిరి చెల్లి వెళ్లే కోర్సు ఫీజు 25 వేల పౌండ్లు, ఏడాది ఉండటానికి, తినడానికి ఇంకో 12 వేలు అనుకుందాం. మొత్తం 37 వేల పౌండ్లు. పౌండు 110 రూపాయలు అనుకుంటే నలభై లక్షల డెబ్బై వేలు. నాన్నకి మూడెకరాల మెట్ట. కంది, పొగాకు. తమ్ముడు బీటెక్ రెండో ఏడు. ఆమె జీతంలో ఎనిమిది వేలు తమ్ముడి హాస్టల్‌కే పోతాయి. బ్యాంకుకెళ్తే ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకి మామూలుగా తాకట్టు అడుగుతారు. అంటే ఆ మూడెకరాలు. సరే, పెట్టారే అనుకో. నలభై లక్షలు, పదకొండు శాతం వడ్డీ, పదేళ్లు. నెలకి యాభై అయిదు వేల వాయిదా.

ఇప్పుడు చెప్పు, నెలకి యాభై అయిదు వేలు కట్టాల్సిన అమ్మాయి కనిగిరికి తిరిగొచ్చి ముప్పై వేల జీతానికి ప్లాంటు నీళ్లు పరీక్ష చేయగలదా? చేయలేదు. లండన్‌లోనో, బెంగళూరులోనో పెద్ద కంపెనీలో చేరాలి. ఆమె మనసు మంచిదే, ఊరంటే ప్రాణమే, అయినా అప్పు ఆమెని రానివ్వదు. ఈ మాట ప్యానెల్ ముందు ఇలాగే చెప్పొచ్చు: "అప్పు చేసి నేను చదువుకోగలను, కానీ అప్పు చేసి తిరిగి రాలేను. ఈ స్కాలర్‌షిప్పు వస్తే నేను ముప్పై వేల జీతానికి మళ్లీ నా పనిలోకి రాగలను." ఇందులో కన్నీళ్లు లేవు, ఎవరినీ జాలి అడగడం లేదు, నాన్న పరువుకి వచ్చిన నష్టమూ లేదు. అంకెలే మాట్లాడుతున్నాయి. ఈ లెక్క నీ ఇంటి అంకెలతో ఒక పేజీలో వేసుకో. అంకెలు నిజంగా నీవే అయి ఉండాలి సుమా. దరఖాస్తులో ఒకటి రాసి ఇక్కడ ఇంకొకటి చెప్తే, అప్పటిదాకా కట్టిన నమ్మకమంతా ఆ ఒక్క చోట పోతుంది. వాళ్ల చేతిలో నీ దరఖాస్తు ఉంటుందని మర్చిపోకు. నువ్వు కూడా ఒక ప్రతి తీసి, ఇంటర్వ్యూకి ముందు రోజు మొత్తం చదువుకో.

చెప్తూ చెప్తూ గొంతు పూడుకుపోతే ఏం చేయాలి? ఆగు. నీళ్లు తాగు. "ఒక్క క్షణం" అని అడుగు. ఎవరూ ఏమీ అనుకోరు. తర్వాత అంకె దగ్గర నుంచే మళ్లీ మొదలుపెట్టు. అంకె చెప్పేటప్పుడు గొంతు తనంత తనే కుదురుకుంటుంది.

ఇక మూడోది, నిన్ను రాత్రి నిద్ర పోనివ్వనిది. తిరిగొచ్చి ఏం చేస్తావు?

ఇక్కడ మనం చేసే పొరపాటు ఒకటుంది. ఎంత పెద్దగా చెప్తే అంత మెచ్చుకుంటారనుకుంటాం. "సొంత సంస్థ పెడతాను, వెయ్యి ఊళ్లకి శుద్ధజలం ఇస్తాను, ప్రభుత్వ విధానాన్ని మారుస్తాను." ప్యానెల్లో ఒకావిడ చిరునవ్వుతో అడుగుతుంది: "మొదటి ఊరు ఏది? డబ్బు ఎవరిస్తారు?" అంతే, మన గాలిమేడ కూలిపోతుంది. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున నువ్వు ఏ ఆఫీసు మెట్లు ఎక్కుతావు అన్నదానికి జవాబుంటే, అయిదేళ్ల మాట వాళ్లు నమ్ముతారు. అది లేకపోతే పదేళ్ల మాట ఎంత బాగా చెప్పినా వింటారు గానీ నమ్మరు.

మన చెల్లి ప్రణాళిక ఎలా ఉంటే బాగుంటుందో చూద్దాం. మొదటి ఆరు నెలలు: తన పాత సంస్థలోనే చేరుతుంది. వెళ్లేముందే అధికారితో మాట్లాడి, తిరిగొస్తే తీసుకుంటామన్న ఉత్తరం ఒకటి రాయించుకుంది. తనకు ఇప్పటికే తెలిసిన పన్నెండు ఊళ్ల ప్లాంట్లలో లోపలికి వచ్చే నీరు, మంచినీరు, వదిలేసే నీరు, మూడింటినీ నెలకోసారి పరీక్ష చేసి పుస్తకంలో ఎక్కిస్తుంది. పరీక్ష ఎవరు చేస్తారు? జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష కిట్లతో పని నేర్పించే పద్ధతి ఉంది కదా, శిక్షణ పొందిన ఆ అక్కలే. అంటే ఆమె కొత్తగా మనుషుల్ని తేవక్కర్లేదు, ఉన్నవాళ్ల పక్కన నిలబడితే చాలు. రెండో ఆరు నెలలు: ఆ అంకెలు పట్టుకుని, ఏ ప్లాంటులో మెంబ్రేన్ ఎప్పుడు మార్చాలో, వదిలే నీటిని ఏం చేయాలో ఆపరేటర్లకి తెలుగులో, బొమ్మలతో రెండు పేజీల సూచనలు తయారుచేస్తుంది. రెండో ఏడు: రెండు ఊళ్లలో వదిలే నీటికి ఒక మార్గం ప్రయత్నించి చూసి, ఫలితం గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరు ముందు పెడుతుంది. పంచాయతీకి తాగునీరు, పారిశుధ్యం కోసమని విడిగా వచ్చే నిధుల్లోంచి నిర్వహణ ఖర్చు పెట్టమని అడుగుతుంది.

పన్నెండు ఊళ్లే. చిన్నగా అనిపిస్తోందా? నాకు అనిపించదు. ఇందులో ప్రతి ఊరికీ పేరుంది, ప్రతి పనికీ మనిషి ఉన్నాడు, డబ్బు ఎక్కడిదో తెలుసు. ఏ ప్రశ్న వేసినా ఆమె తడుముకోదు, ఎందుకంటే అదంతా ఆమె రోజూ నడిచే దారి.

తర్వాత తప్పకుండా వచ్చేది: "మీ ప్రణాళిక కుదరకపోతే?" ఇక్కడ "కుదురుతుంది సార్, నాకు నమ్మకముంది" అనకు. ఏది చెడిపోవచ్చో నువ్వే చెప్పు. "కిట్‌తో చేసే పరీక్ష అంత కచ్చితంగా ఉండదు, అందుకే మూడు నెలలకోసారి కొన్ని నమూనాలు జిల్లా ప్రయోగశాలకి పంపి సరిచూస్తాను. వదిలే నీటికి చవకైన మార్గం దొరకకపోవచ్చు. అప్పుడు కనీసం ఆ గుంటని తాగే బోరుకి దూరంగా మార్పించి, గేదెలు రాకుండా కంచె వేయిస్తాను." ఇలా చెప్పగలిగినప్పుడు వాళ్లకి అర్థమవుతుంది, ఈ అమ్మాయి నిజంగానే చేయబోతోందని.

"లండన్‌లో మంచి ఉద్యోగం ఇస్తామంటే?" అని కూడా అడగొచ్చు. ఆశ లేదని అబద్ధమాడక్కర్లేదు తల్లీ. ఎవరికుండదు ఆశ? "రెండేళ్ల షరతు తెలిసే దరఖాస్తు చేశాను. నా ఉద్యోగం, నా పన్నెండు ఊళ్లు, నా ఇల్లు కనిగిరి వైపే ఉన్నాయి. పైగా అప్పు లేదు కాబట్టి ఆ ఉద్యోగం నాకు తప్పనిసరి కాదు" అంటే చాలు. చూశావా, మళ్లీ ఆ లెక్కే మనకి అండగా నిలబడింది.

ఇంట్లో సంగతి కూడా మాట్లాడుకోవాలి. "ఏడాది పోయి వస్తే సంబంధాలు ఎవరు చూస్తారు?" అని అత్తయ్య అడుగుతుంది, అమ్మ బెంగ పెట్టుకుంటుంది. ఈ గొడవ ఇంటర్వ్యూకి ముందే తేల్చుకో. మనసులో ఆ బరువు పెట్టుకుని వెళ్తే తిరిగొచ్చే ప్రశ్న దగ్గర గొంతు వణుకుతుంది. అమ్మని కూర్చోబెట్టి ప్యానెల్‌కి చెప్పబోయేదే చెప్పు: ఏడాది చదువు, అప్పు లేదు, పొలం తాకట్టు లేదు, రాగానే ఉద్యోగం. ఆమెకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే సగం సాధన అక్కడే అయిపోయినట్టు. నీ పని గురించి ఏమీ తెలియని మనిషికి చెప్పి, ఎక్కడ "అంటే ఏంటే?" అని అడిగిందో అక్కడ మాట మార్చుకో. ప్యానెల్లో కూడా అందరూ నీళ్ల ఇంజనీర్లు ఉండరు.

ఇంగ్లీషు గురించి నీకు దిగులుంటుంది, నాకు తెలుసు. యాస మార్చుకోవడానికి ఇంటర్వ్యూ లోపు మిగిలిన రోజులు వృథా చేయకు. నిదానంగా, చిన్న వాక్యాల్లో చెప్పు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమను. జవాబు రెండు నిమిషాలు దాటనివ్వకు, ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. బట్టీ పట్టిన జవాబు వినగానే తెలిసిపోతుంది, అందుకని మాటలు కాదు, వరస గుర్తుపెట్టుకో: ఎక్కడ ఆగాను, ఎందుకు అప్పు కుదరదు, వచ్చి ఏ ఊళ్లో మొదలుపెడతాను. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో అయితే కరెంటు, నెట్టు మాట ముందే చూసుకో. ఇంకో ఫోన్‌లో డేటా వేసి పక్కన పెట్టుకో. బట్టలు నువ్వు ఆఫీసుకి వేసుకునేవే బాగుంటాయి, కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చోవద్దు.

ఇవాళ రాత్రి ఉద్దేశానికొకటి, అవసరానికొకటి, తిరిగొచ్చి చేసే పనికొకటి, మూడు కాగితాలు రాయి. రేపు పొద్దున్నే మీ సంస్థ పెద్దకి ఫోన్ చేసి ఆ ఉత్తరం అడుగు. కావాలని అడిగితే ఇచ్చేవాళ్లే ఎక్కువ, కానీ వాళ్లకీ రెండు రోజుల టైమ్ కావాలి, ఆలస్యం చేయకు. టీ చల్లారిపోతోంది, తాగి వెళ్లు.